విషయం: మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేసే ముందు బ్యాకప్ ఎందుకు, ఎంత టైమ్ పడుతుంది

సునీత గారూ, నమస్కారం.

నిన్న సాయంత్రం మీవారు మారతహళ్లి షాపులో ఇచ్చి వెళ్లిన ల్యాప్‌టాప్ చూశాం. ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ బాగానే ఉన్నాయి. అప్‌డేట్ మధ్యలో ఆగి విండోస్ ఫైళ్లు చెడిపోయాయి, అందుకే ఆన్ చేసిన ప్రతిసారీ "Automatic Repair" దగ్గరే తిరుగుతోంది. విండోస్ మళ్లీ వేయక తప్పదు.

"ఇవాళే ఫార్మాట్ చేసి ఇచ్చేయండి, బ్యాకప్ అక్కర్లేదు, నా ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి" అని మెయిల్‌లో రాశారు. 20వ తేదీలోపు జీఎస్టీ రిటర్న్ 3బీ ఫైల్ చేయాలన్న మీ టెన్షన్ అర్థమైంది. కానీ మీ ల్యాప్‌టాప్ విషయంలో డీ డ్రైవ్‌లో ఉన్నంత మాత్రాన ఫైళ్లు భద్రం కావు. సీ, డీ రెండింటికీ బిట్‌లాకర్ తాళం పడి ఉంది. ఇన్నాళ్లూ డీ డ్రైవ్ దానంతటదే తెరుచుకునేది, ఎందుకంటే దాని తాళంచెవి సీ డ్రైవ్‌లోని విండోస్ దగ్గర ఉండేది. సీ తుడిచేస్తే ఆ తాళంచెవి కూడా పోతుంది. అప్పుడు డీ డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు కళ్లెదుటే ఉన్నా మేమే కాదు, ఎవరూ తెరవలేరు.

ఇక సీ డ్రైవ్. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మామూలుగా సీలోనే ఉంటాయి. ట్యాలీ డేటా కూడా చాలా సిస్టమ్‌లలో C:\Users\Public కింద ఉంటుంది, ఆ ఫోల్డర్ ఎవరూ తెరిచి చూడరు కాబట్టి ఫార్మాట్ అయ్యాకే గుర్తొస్తుంది. పాత హార్డ్ డిస్క్ అయితే పొరపాటున తుడిచినా కొంత వెనక్కి తీసే వీలుండేది. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేయగానే ఆ చోటును డిస్కే ఖాళీ చేసేసుకుంటుంది, తర్వాత రికవరీ మీద ఆశ పెట్టుకోకూడదు. అందుకే కాపీ చేతిలో లేకుండా మేం ఫార్మాట్ చేయం.

ఫోన్‌లో అడిగిన "Keep my files" పద్ధతికీ ముందు రికవరీ కీ కావాలి. అది మధ్యలో ఆగిపోతే ఫైళ్లకే ముప్పు. అంతా సవ్యంగా జరిగినా మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ తీసేస్తుంది, అంటే ట్యాలీ మళ్లీ వేయాల్సిందే.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఫోన్ బ్రౌజర్‌లో aka.ms/myrecoverykey తెరిచి, ఈ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. అక్కడ ఒకటి కంటే ఎక్కువ కీలు కనిపించవచ్చు. సీకి ఒకటి, డీకి ఒకటి వేరువేరుగా ఉంటాయి కాబట్టి అన్నీ కీ ఐడీలతో సహా పంపండి. పాస్‌వర్డ్ మాత్రం మాకు పంపొద్దు, మాకు దానితో పని లేదు. ఆఫీసు అకౌంట్‌తో వాడి ఉంటే కీ మీ ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది.

టైమ్ సంగతి. విండోస్ వేయడానికి అరగంట, ముప్పావు గంట చాలు. ఎక్కువసేపు పట్టేది కాపీకే. మీరు చెప్పిన 300 జీబీలో ఫొటోలే ఎక్కువ. పెద్ద వీడియోలు త్వరగా వెళ్తాయి, వేల కొద్దీ చిన్న ఫైళ్లు మెల్లగా కదులుతాయి. తీయడానికి మూడు నాలుగు గంటలు, తిరిగి పెట్టడానికి దాదాపు అంతే. కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య సరిచూసి, కొన్ని ఫొటోలు, ట్యాలీ కంపెనీ తెరిచి చూశాకే ఫార్మాట్‌కి వెళ్తాం. ఆపైన డ్రైవర్లు, అప్‌డేట్లకు రెండు మూడు గంటలు. ఒక రాత్రి ఆన్‌లో ఉంచి గమనిస్తాం.

ఇవాళ మధ్యాహ్నంలోపు కీలు వస్తే గురువారం సాయంత్రం ల్యాప్‌టాప్ ఇస్తాం. అప్పటిదాకా మీ పని ఆగకుండా అన్నిటికంటే ముందు ట్యాలీ ఫోల్డరే తీసి, ఇవాళ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. ట్యాలీ ఉన్న వేరే సిస్టమ్‌లో తెరుచుకుని 3బీ పని చేసుకోవచ్చు. డిజిటల్ సంతకం టోకెన్ గురించి భయపడకండి, సంతకం ఆ టోకెన్ లోపలే ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో దాని డ్రైవర్ మళ్లీ వేస్తే చాలు. విండోస్ లైసెన్స్ కూడా కొత్తగా కొననక్కర్లేదు, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

విండోస్‌కి 900, బ్యాకప్‌కి 600, మొత్తం 1,500 రూపాయలు. బ్యాకప్ కాపీ వారం రోజులు మా దగ్గర ఉంచుతాం. ఆలోపు మీ ఫైళ్లన్నీ ఒకసారి చూసుకుని సరేనని చెబితే అప్పుడే తుడిచేస్తాం.

కీలతో పాటు "బ్యాకప్‌కి సరే" అని ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి. లాగిన్ దగ్గర ఇబ్బంది వస్తే షాపుకి ఫోన్ చేయండి, రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాం.

ఇట్లు,
రమేష్
సర్వీస్ కౌంటర్, మారతహళ్లి, బెంగళూరు