విషయం: రిఫరెన్స్ థర్మామీటర్ మార్చడానికి రూ.1,22,860 మంజూరు కోరుతూ

గౌరవనీయులైన ల్యాబ్ ఇన్‌ఛార్జి మేడమ్ గారికి,

నమస్కారం.

మన ల్యాబులో పాదరసం రిఫరెన్స్ థర్మామీటర్ (−10 నుంచి 110 డిగ్రీలు, 0.1 గీతలు, 2011లో కొన్నది) ఇక రిఫరెన్సుగా వాడదగిన స్థితిలో లేదు. దాని బదులు నాలుగు వైర్ల పీటీ100 ప్రోబ్, డిజిటల్ ఇండికేటర్ కొనడానికి అనుమతి, నిధులు కోరుతున్నాను.

ఇంక్యుబేటర్లు, వాటర్ బాత్, ఓవెన్, ఫ్రిజ్‌లలో ఉన్న 14 వర్కింగ్ థర్మామీటర్లనూ దీనితోనే పోల్చి చూస్తున్నాం. కాబట్టి ఇది తప్పితే అన్నీ తప్పుతాయి.

ఐస్ పాయింట్ రీడింగు 2016 సర్టిఫికెట్లో 0.02, 2020లో 0.07, 2023లో 0.12. ఈ నెల డిస్టిల్డ్ వాటర్ ఐసుతో నేను తీసినది 0.17. గాజు బల్బు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది, పాదరసం పైకి నెట్టుకొస్తుంది. ఇది రిపేరుకు లొంగే సంగతి కాదు.

"కరెక్షన్ వేసుకుంటే సరిపోతుంది కదా" అని అకౌంట్స్ వారు అడగవచ్చు. ఇప్పటిదాకా వేసుకుంటూనే ఉన్నాం. చిక్కు వేరే చోట ఉంది. ఫీకల్ కోలిఫామ్ బాత్ 44.5 డిగ్రీల దగ్గర ±0.2 లోపల నిలవాలి. క్యాలిబ్రేషన్ అనిశ్చితే ±0.1, అంటే మనకున్న వెసులుబాటులో సగం అక్కడే పోయింది. పైగా ఇది టోటల్ ఇమ్మర్షన్ రకం. మన బాత్ లోతు చాలక సుమారు 30 డిగ్రీల పొడవు కాలమ్ నీళ్ల బయటే ఉంటుంది. గది 34 డిగ్రీలుంటే 0.00016 × 30 × (44.5 − 34), అంటే 0.05 తక్కువ చూపిస్తుంది. చలికాలంలో గది 24కి దిగితే అదే 0.10 అవుతుంది. బల్బు వల్ల ఎక్కువ, కాలమ్ వల్ల తక్కువ చూపిస్తుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి సరిపోతాయని వదిలేయలేం. అనంతపురం ఎండకు గది ఉష్ణోగ్రత పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

బాత్ నిజంగా 44.5 కంటే తక్కువుంటే ఫీకల్ కానివి కూడా పెరిగి, మంచి బోరు నీళ్లు చెడ్డవని రిపోర్టు వస్తుంది. ఎక్కువుంటే ఈ.కోలి అణిగిపోయి, కలుషితమైన నీళ్లు తాగవచ్చని మన సంతకంతో బయటికి వెళ్తుంది. నాకు భయం రెండోదే.

ఇంకో లోపం: కాలమ్ పైకొసన వెంట్రుకంత ఖాళీ పడుతోంది, భూతద్దంతో చూస్తేనే కనబడుతుంది. ఐసు, ఉప్పు కలిపిన మిశ్రమంలో బల్బు చల్లబరిస్తే పాదరసం కలుస్తుంది, కానీ క్యాలిబ్రేషన్‌కు బెంగళూరు పంపి తెప్పిస్తే మళ్లీ విడిపోతోంది. (పైన చెప్పిన 0.17 కలిపిన తర్వాత తీసిన రీడింగే.) అనుమానమున్న పరికరాన్ని వాడకం నుంచి తప్పించాలని ఐఎస్ఓ/ఐఈసీ 17025 నిబంధన 6.4.9 చెబుతోంది. సెప్టెంబరు ఆడిట్లో ఈ ఐస్ పాయింట్ వరుస చూస్తే ఆడిటర్ తప్పక పట్టుకుంటారు. ఆటోక్లేవ్ 121 డిగ్రీలు దీని రేంజికి అందదు కూడా.

కోరుతున్న ఖర్చు:

పీటీ100 ప్రోబ్, 6 మి.మీ. × 300 మి.మీ., స్టీల్ తొడుగు, 250 డిగ్రీల వరకు: రూ.28,000
ఇండికేటర్, 0.01 డిగ్రీ రిజల్యూషన్: రూ.62,000
0, 27, 35, 44.5, 121 డిగ్రీల దగ్గర ఎన్‌ఏబీఎల్ క్యాలిబ్రేషన్: రూ.12,000
జీఎస్టీ 18 శాతం: రూ.18,360
బెంగళూరు రానుపోను: రూ.2,500
మొత్తం: రూ.1,22,860

ఆర్డరులో రెండు మాటలు తప్పక రాయించండి. ఒకటి, ప్రోబ్, ఇండికేటర్ కలిపి ఒకే జతగా క్యాలిబ్రేట్ కావాలి, 44.5 దగ్గర అనిశ్చితి 0.05 డిగ్రీలు దాటకూడదు. రెండు, నాలుగు వైర్లే ఉండాలి. రెండు వైర్లదైతే చౌకే, కానీ వైరులో 0.1 ఓం రెసిస్టెన్స్ పెరిగినా 0.26 డిగ్రీల తేడా వస్తుంది. అప్పుడు ఉన్న పాదరసమే నయం. పీటీ100 కూడా కింద పడినా, తొడుగులోకి తేమ చేరినా తప్పుతుంది. అందుకే నెలకోసారి ఐస్ పాయింట్ తీసి రిజిస్టరులో రాస్తాను, 0.03 దాటి కదిలితే వాడకం ఆపేస్తాను.

కొత్త పాదరసం థర్మామీటర్ సుమారు రూ.9,000కే వస్తుంది, కానీ అదే కాలమ్ కరెక్షన్, అదే పగిలే భయం. పైగా మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది, పాదరసం పరికరాలు తగ్గించుకోవలసిన రోజులివి.

క్యాలిబ్రేషన్ గడువు వచ్చే నెల 18తో ముగుస్తుంది. కొత్తది చేతికి రావడానికి కొటేషన్ ప్రకారం నాలుగు వారాలు పడుతుంది కాబట్టి ఈ వారంలోనే ఇండెంటుపై సంతకం చేయగలరని మనవి. మూడు కొటేషన్లు, ఐస్ పాయింట్ రిజిస్టరు పేజీలు జతచేశాను. పాత థర్మామీటరును "వాడరాదు" అని లేబుల్ అంటించి, పాదరసం వ్యర్థాల డబ్బాలో విడిగా ఉంచుతాను.

ఇట్లు,
ఓబులేసు
ల్యాబ్ టెక్నీషియన్
నీటి నాణ్యత పరీక్షశాల, అనంతపురం