తర్కం పొడుపులు: 5వ తరగతికి నాలుగు శనివారాల పాఠ్య ప్రణాళిక

హన్మకొండ. 28 మంది పిల్లలు. ప్రతి శనివారం చివరి పీరియడ్, 45 నిమిషాలు.
కావలసినవి: సుద్దముక్కలు, మూతలున్న మూడు డబ్బాలు, కాగితాలు, కొన్ని సకినాలు.

ఈ నెలంతా పిల్లల్ని ఎక్కువగా అడగాల్సింది "నీకెలా తెలిసింది?" అనే. జవాబు సరిగ్గా చెప్పినా అడగాలి. లేకపోతే ఆ ప్రశ్న వినగానే తప్పు చెప్పామని అనుకుంటారు. మార్కులు లేవని మొదటి రోజే చెప్పండి, టెన్షన్ పోతుంది.

మొదటి వారం: గడుల పట్టిక

మౌనిక, ఇమ్రాన్, శ్రావ్య తలా ఒక చోటు చూసొచ్చారు: భద్రకాళి చెరువు, ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి. బోర్డు మీద మూడు అడ్డం, మూడు నిలువు గడులు గీయండి.

ముందు ఒక్క ఆధారమే ఇవ్వండి: "ఇమ్రాన్ చెరువుకు పోలేదు." ఆ గడిలో ఇంటూ పెట్టి, మరి ఎక్కడికి పోయాడని అడగండి. సగం మంది ఏదో ఒకటి అనేస్తారు. "ఇప్పుడే చెప్పలేం సార్" అన్న పిల్లను మెచ్చుకోండి, అది కూడా సరైన జవాబే. తర్వాత రెండో ఆధారం: "శ్రావ్య చెరువూ చూడలేదు, కోటా చూడలేదు." ఇక గడులు వాటంతటవే నిండుతాయి: శ్రావ్య గుడికి, ఇమ్రాన్ కోటకు, మౌనిక చెరువుకు.

రెండో వారం: పులి, మేక, గడ్డిమోపు

కథ చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా ఆడించండి. వరండాలో రెండు గీతలు గీస్తే అదే వాగు. పడవలో మనిషితో పాటు ఒక్కటే పడుతుంది. మనిషి లేనప్పుడు పులి మేకను, మేక గడ్డిని తింటాయి.

పిల్లలు ఆగిపోయేది ఒక్క చోటే: దాటించిన మేకను మళ్లీ వెనక్కి తేవడం. చేసిన పని చెడగొట్టినట్టు అనిపిస్తుంది వాళ్లకు. అక్కడ మీరు నోరు విప్పకండి. పది నిమిషాలు పట్టినా సరే, ఆ మలుపు వాళ్లకే దొరకాలి. మొత్తం ఏడు దాటింపులు. ముందే దొరికినవాళ్లు ఇంకో దారి వెతకాలి. మేకను వెనక్కి తెచ్చే ముందు పులికి బదులు గడ్డిని దాటించినా కుదురుతుంది.

మూడో వారం: ఒక్క చీటీయే నిజం

సకినాలు ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. మూతల మీద చీటీలు:
ఎర్రది: "సకినాలు ఇందులో ఉన్నాయి."
నీలంది: "సకినాలు ఇందులో లేవు."
ఆకుపచ్చది: "సకినాలు ఎర్ర డబ్బాలో లేవు."

ఒక్కో డబ్బాలో ఉన్నాయనుకొని, ఎన్ని చీటీలు నిజమవుతాయో లెక్కపెట్టించండి. ఎర్రదాంట్లో ఉంటే రెండు నిజం, ఆకుపచ్చదాంట్లో ఉన్నా రెండే. నీలందైతే ఒక్కటే. కారణం చెప్పాకే మూత తీయాలి, తర్వాత అందరికీ పంచాలి.

నాలుగో వారం: పిల్లలే కట్టాలి

నలుగురేసి జట్టు. మొదటి వారం లాంటి పొడుపును తమ వాడకట్టు పేర్లతో రాసి, పక్క జట్టుకివ్వాలి. రెండు జవాబులు వస్తే తిట్టొద్దు, ఇంకో ఆధారం కలపమనండి. కుదిరిన ఏడు పొడుపులూ గోడకు అంటించి, సోమవారం నాలుగో తరగతి పిల్లల్ని పిలవండి.