కణజీవశాస్త్రం: డిసెంబరు 22 పరీక్షకు మూడు వారాల రివిజన్ ప్రణాళిక

డిగ్రీ బీజడ్‌సీ విద్యార్థులకు. డిసెంబరు 1 సోమవారం మొదలుపెట్టి 21 ఆదివారంతో ముగించాలి. రోజుకు రెండున్నర గంటలు చాలు. ఉదయం గంటన్నర ఆ రోజు అంశం చదవండి. రాత్రి గంటసేపు పుస్తకం మూసేసి నిన్నటిది కాగితం మీద రాయండి. ఎంత తీరిక లేకపోయినా రాత్రి గంట మాత్రం మానొద్దు. చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, రాయబోతే చేయి ఆగిపోతుంది. ఎక్కడ ఆగుతుందో ఇంట్లోనే తెలియాలి.

మొదటి వారం (1–7): కణాంగాలు

1వ తేదీ కణ సిద్ధాంతం. ష్లైడెన్ 1838, ష్వాన్ 1839, కణం నుంచే కణం పుడుతుందన్న విర్కో 1855. ఈ మూడూ వరసగా వస్తే చాలు, మిగతా సమయం కేంద్రకపూర్వ, నిజకేంద్రక కణాల తేడాలకు పెట్టండి. 2న ప్లాస్మాత్వచం: సింగర్, నికొల్సన్ 1972లో చెప్పిన ద్రవ మొజాయిక్ నమూనా, బొమ్మతో సహా.

3న అంతరత్వచ వ్యవస్థ. అంతర్జీవద్రవ్యజాలం, గాల్జి, లైసోజోములు, రిక్తికలు. గుర్తుకు: అంగట్లో గాజులు లైటేస్తే రివ్వున మెరుస్తాయి. ఇందులో మైటోకాండ్రియా, హరితరేణువు, పెరాక్సిసోమ్ లేవని గమనించండి. పెరాక్సిసోమ్‌కు ఒకే పొర ఉంటుంది కాబట్టి లైసోజోమ్ పక్కన చేర్చేస్తుంటారు, అక్కడే మార్కు పోతుంది. పని సమన్వయం ఉన్నవే ఈ వ్యవస్థలోకి వస్తాయి. ఆ సమన్వయం పట్టుబడాలంటే ఒక ప్రోటీన్ వెంట నడవండి. క్లోమ కణంలో ఇన్సులిన్‌ను తీసుకుంటే, గరుకు జాలం మీది రైబోజోమ్ దగ్గర తయారీ మొదలై, జాలం లోపలికి చేరి, చిన్న తిత్తిలో గాల్జి సిస్ ముఖానికి వెళ్లి, ట్రాన్స్ ముఖం నుంచి మరో తిత్తిలో త్వచం దాకా వచ్చి బయటపడుతుంది. ట్రాన్స్ అనగానే ట్రాన్స్‌పోర్ట్ గుర్తుచేసుకోండి, సరుకు అటునుంచే వెళుతుంది.

4న రెండు పొరలున్నవి: కేంద్రకం, మైటోకాండ్రియా, హరితరేణువు. కేకు, మైసూరుపాక్, హల్వా, మూడూ రెండు పొరల డబ్బాల్లో. 5న పొర లేనివి: రైబోజోమ్, సెంట్రియోల్, కేంద్రకాంశం. రైతుకు సెంటు స్థలం కేటాయించారు, ప్రహరీ లేదు. రెండు వాక్యాల్లోనూ "కే" ఉంది, జాగ్రత్త. డబ్బాలో ఉన్నది కేంద్రకం, ప్రహరీ లేనిది దాని లోపలి కేంద్రకాంశం.

రైబోజోమ్ అంకెల దగ్గర తికమక పడకండి. 50S, 30S కలిస్తే 70S. 60S, 40S కలిస్తే 80S. S అనేది బరువు కాదు, అపకేంద్ర యంత్రంలో కణిక ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో చెప్పే స్వెడ్‌బర్గ్ ప్రమాణం. వేగం ఆకారం మీదా ఆధారపడుతుంది కాబట్టి మామూలు కూడిక కుదరదు. మైటోకాండ్రియాలో, హరితరేణువులో ఉన్నవి 70S రకమే. సీలియం 9+2, సెంట్రియోల్ 9+0. సెంట్రియోల్‌లో ఆ తొమ్మిదీ మూడేసి నాళికల కట్టలు.

6న బొమ్మలు: జంతు కణం, వృక్ష కణం, మైటోకాండ్రియా, హరితరేణువు. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. 7న వారం పరీక్ష మీకు మీరే పెట్టుకోండి.

రెండో వారం (8–14): కణ విభజన

పరీక్షలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి ఈ వారం తొందరపడొద్దు.

8న అంతర్దశ: జి1, ఎస్, జి2. 9న సమవిభజన: ప్రథమదశ, మధ్యదశ, చలనదశ, అంత్యదశ. ప్రతి మనిషీ చదువు అందుకోవాలి. పేర్లలోనే పని ఉంది. మధ్యదశలో క్రోమోసోములు మధ్యరేఖ మీద నిలుస్తాయి, చలనదశలో ధ్రువాల వైపు కదులుతాయి.

10న ఉల్లి వేరుకొన స్లైడు. అసిటిక్ ఆమ్లం ఒక పాలు, ఆల్కహాల్ మూడు పాళ్లు కలిపిన ద్రావణంలో ఉంచిన వేరును కడిగి, రంగు వేసి కొద్దిగా వేడి చేసి, కొన నుంచి 2–3 మిల్లీమీటర్లే తీసుకోవాలి. పైభాగం తీసుకుంటే పొడవాటి, విభజన ఆగిన కణాలే కనిపిస్తాయి. నొక్కేటప్పుడు కవర్‌స్లిప్ పక్కకు జరిగిందా, కణాలు నలిగి దశలు గుర్తుపట్టలేరు. బొటనవేలితో నిలువుగా, ఒక్కసారే నొక్కండి. ఎక్కువ కణాలు అంతర్దశలోనే కనిపిస్తాయి. అది స్లైడు లోపం కాదు, కణచక్రంలో ఎక్కువ కాలం అంతర్దశదే.

11, 12 తేదీలు పూర్తిగా క్షయకరణ విభజన ప్రథమదశ-1కే. లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్: లెక్చరర్ జైపాల్‌కు డిగ్రీ డయాస్ మీద. ఇక సంఘటనలు. జైగోటీన్‌లో జత: సమజాత క్రోమోసోములు జతకడతాయి. పాకిటీన్‌లో పంపకం: సోదరేతర క్రోమాటిడ్ల మధ్య ముక్కలు మారతాయి, అదే క్రాసింగ్ ఓవర్. డిప్లోటీన్‌లో జతలు విడిపోతూ, ముక్కలు మారిన చోట కయాస్మాలు బయటపడతాయి. క్రాసింగ్ ఓవర్ డిప్లోటీన్‌లో జరుగుతుందని రాయడం ఏటా చూసే తప్పు. కయాస్మా అప్పుడు కనిపిస్తుంది, మార్పిడి మాత్రం పాకిటీన్‌లోనే అయిపోయింది.

13న లెక్కలు. ఉల్లిలో 2n = 16. జి1లో 16 క్రోమోసోములు, డీఎన్ఏ 2C అనుకుందాం. కింది వరస చూడకుండా మూడుసార్లు రాయండి:

- జి2: క్రోమోసోములు 16, క్రోమాటిడ్లు 32, డీఎన్ఏ 4C
- సమవిభజన చలనదశ: క్రోమోసోములు 32, డీఎన్ఏ 4C
- సమవిభజన తర్వాత ఒక్కో కణం: 16, 2C
- క్షయకరణ విభజన-1 చలనదశ: 16, 4C
- క్షయకరణ విభజన-1 తర్వాత ఒక్కో కణం: 8, 2C
- క్షయకరణ విభజన-2 తర్వాత ఒక్కో కణం: 8, C

తేడా వచ్చినప్పుడు సెంట్రోమియర్లు లెక్కపెట్టండి. ఎన్ని సెంట్రోమియర్లుంటే అన్నే క్రోమోసోములు. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపైనా రెండు క్రోమాటిడ్లూ ఒకే సెంట్రోమియర్ దగ్గర అంటిపెట్టుకుని ఉంటాయి, అందుకే సంఖ్య 16 దాటదు. సమవిభజన చలనదశలో సెంట్రోమియర్ చీలుతుంది కాబట్టి 32. క్షయకరణ విభజన-1 చలనదశలో అది చీలదు, జతలోని రెండు క్రోమోసోములు ఒకదాని నుంచి ఒకటి వేరవుతాయి, అందుకే 16. ఈ ఒక్క నియమం వంటబడితే సంఖ్యల ప్రశ్న ఎలా తిప్పి అడిగినా రాయగలరు. 14న సమవిభజన, క్షయకరణ విభజన బొమ్మలన్నీ 2n = 4 కణంతో వేయండి. రెండు జతలకు రెండు రంగుల పెన్సిళ్లు వాడితే ఎవరు ఎటు వెళుతున్నారో తెలుస్తుంది.

మూడో వారం (15–21): రాత

15, 16 తేదీల్లో తప్పులు వచ్చిన అంశాలు మాత్రమే. 17, 18న పెద్ద జవాబులు గడియారం పెట్టుకుని: మూడు గంటల పేపరులో ఐదు పెద్ద ప్రశ్నలకు 25 నిమిషాల చొప్పున, ఐదు చిన్నవాటికి తొమ్మిదేసి నిమిషాలు పోతే సరిచూసుకోవడానికి పది నిమిషాలు మిగులుతాయి. బొమ్మ ముందు వేసి, భాగాలు కుడివైపు గీతలతో గుర్తించి, తర్వాత వివరణ రాయండి. సమయం చాలకపోయినా బొమ్మ మార్కులు చేతిలో ఉంటాయి. 19న తేడాలు, పట్టిక రూపంలో. 20న పూర్తి నమూనా పరీక్ష, పరీక్ష జరిగే వేళకే. 21న కొత్తది ఏదీ తెరవకుండా గుర్తు వాక్యాలు, ఉల్లి లెక్క ఒక్కసారి చూసి, రాత్రి పదికల్లా పడుకోండి.

22 ఉదయం ప్రశ్నపత్రం చేతికి రాగానే జవాబు పుస్తకం చివరి పేజీలో అం-గా-లై-రి, కే-మై-హ, రై-సెం-కే, ప్ర-మ-చ-అం, లె-జై-పా-డి-డయా అని రాసుకుని, పక్కనే రఫ్ అని వేసి, మొదటి ప్రశ్నకు వెళ్లండి.