నెట్ ఆగితే ఇలా చూసుకోండి

అమ్మా, నాన్నా, ఈ కాగితం టీవీ పక్కన స్విచ్‌బోర్డు పైనే అంటించి వెళ్తున్నాను. అక్షరాలు పెద్దవిగా వేయించాను, కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. పైనుంచి కిందికి వరసగా చేసుకుంటూ రండి. ఎక్కడ నెట్ వచ్చేస్తే అక్కడితో ఆపేయండి, మిగతాది చదవక్కర్లేదు.

1. ముందు ఇవి చూడండి. వైఫై డబ్బా జోలికి ఇంకా వెళ్లొద్దు.

☐ కరెంటు ఇప్పుడే పోయి వచ్చిందా? అయితే ఏమీ చేయకుండా 5 నిమిషాలు ఆగండి. కరెంటు రాగానే డబ్బా దానంతటదే మొదలవుతుంది, దానికి కాస్త టైం పడుతుంది.

☐ ఇద్దరి ఫోన్లలోనూ రావట్లేదా, ఒక్క దాంట్లోనేనా? నాన్న ఫోన్లో వస్తూ అమ్మ ఫోన్లో రాకపోతే తప్పు ఫోన్‌దే. అమ్మా, ఫోన్ తెర పైనుంచి కిందికి లాగి చూడు. వైఫై గుర్తు వెలిగి ఉండాలి, విమానం బొమ్మ వెలగకూడదు. జేబులోనో సంచిలోనో ఉన్నప్పుడు ఆ విమానం బొమ్మ తెలియకుండానే నొక్కుకుపోతుంటుంది. దాన్ని ఆపేస్తే చాలు.

☐ టీవీలో యూట్యూబ్ ఒక్కటే రాకుండా ఫోన్లలో అన్నీ వస్తున్నాయా? టీవీని ప్లగ్గు దగ్గర ఆపి మళ్లీ వేయండి. రిమోట్‌తో ఆపితే అది పూర్తిగా ఆగినట్టు కాదు.

2. ఇప్పుడు డబ్బా మీద లైట్లు చూడండి.

కింద నిలబడినా కనపడతాయి. నాన్నా, స్టూలు ఎక్కొద్దు. సరిగా కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసుకుని చూడండి. ప్రతి లైటు కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి చదవడం కష్టమని వాటి పక్కన రంగు స్టిక్కర్లు అంటించాను.

☐ POWER (తెల్ల స్టిక్కర్): పచ్చగా వెలగాలి. వెలగకపోతే డబ్బాకి కరెంటు అందట్లేదు. ఎర్ర స్టిక్కర్ ఉన్న స్విచ్ వేసుందో లేదో, నల్ల అడాప్టర్ ప్లగ్గులో గట్టిగా కూర్చుందో లేదో చూడండి. అదే ప్లగ్గులో సెల్ చార్జర్ పెడితే ఫోన్ చార్జింగ్ ఎక్కుతోందా? ఎక్కుతుంటే అడాప్టరే పోయి ఉండొచ్చు. నాకు చెప్పండి.

☐ PON (పచ్చ స్టిక్కర్): కదలకుండా పచ్చగా ఉండాలి. మిణుకు మిణుకుమంటోందంటే అవతలి ఆఫీసుతో ఇంకా కలవలేదన్నమాట.

☐ LOS (పసుపు స్టిక్కర్): ఇది వెలగకూడదు. మిగతా లైట్లు వెలిగితే మంచిది, ఇదొక్కటి వెలిగితే చెడ్డది. గుర్తుంచుకోవాల్సింది ఈ ఒక్కదాన్నే.

☐ WLAN: ఇది వైఫై లైటు. మిణుకుమంటూనే ఉంటుంది, కంగారు పడొద్దు.

3. LOS ఎర్రగా ఉంటే

బయటి నుంచి వచ్చే సన్న తీగలో కరెంటు ఉండదు. లోపల గాజు పోగు ఉంటుంది, దాంట్లోంచి వెలుగు వస్తుంది. ఎక్కడో తీగ తెగినా, మరీ మడత పడినా ఆ వెలుగు డబ్బాకి అందదు, ఎర్ర లైటు వస్తుంది. రోడ్డు తవ్వినా, గాలివానకి కొమ్మ విరిగి పడినా, డాబా మీద కోతులు గెంతినా మనకి ఇదే జరుగుతుంది. కాబట్టి ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం లేదు.

☐ డబ్బా కింద నుంచి వచ్చే ఆ సన్న తీగ టీవీ స్టాండుకీ గోడకీ మధ్య నలిగిందేమో కంటితో చూడండి. ఇల్లు ఊడ్చేటప్పుడు స్టాండు జరిపారేమో పనమ్మాయిని అడగండి. నలిగి ఉంటే స్టాండుని మెల్లగా ఇవతలికి జరపండి, తీగని లాగొద్దు. ఊడదీయొద్దు. ఊడి ఉంటే దాని కొనలోకి కళ్లు పెట్టి చూడొద్దు.

☐ ఇంకా ఎర్రగానే ఉంటే నేరుగా 5కి వెళ్లండి.

4. LOS వెలగకుండా ఉండి కూడా నెట్ రాకపోతే

☐ ఎర్ర స్టిక్కర్ ఉన్న స్విచ్ ఆపండి. డబ్బా మీద లైట్లన్నీ ఆరిపోవాలి.

☐ గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా ఆగండి. నాన్నా, ఆపిన వెంటనే వేయొద్దు, మీకు తొందరెక్కువ.

☐ స్విచ్ వేయండి. 5 నిమిషాలు వదిలేయండి. ఈలోగా లైట్లు రకరకాలుగా వెలుగుతాయి, ఆరుతాయి. దాన్ని చూస్తూ నిలబడేకంటే కాఫీ కలుపుకోవడం మేలు.

☐ PON నిలకడగా వెలిగాక ఫోన్లో వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేయండి. యూట్యూబ్ తెరిచి చూడండి.

ఇంకా రాకపోతే మరొక్కసారి మాత్రం ఇలాగే చేయండి. అంతకుమించి వద్దు.

లైట్లన్నీ బాగుండి, ఫోన్లో వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు కనపడుతుంటే రీచార్జి అయిపోయిందేమో. మన గడువు ప్రతి నెలా 12వ తారీఖు. నేను బెంగళూరు నుంచి కడుతుంటాను, పనిలో పడి మర్చిపోయి ఉండొచ్చు. నన్ను అడగండి. మీరు కట్టొద్దు, రెండుసార్లు పోతుంది.

5. కంప్లైంట్ ఇవ్వడం

☐ నాన్న ఫోన్లో "నెట్ కంప్లైంట్" అని నంబరు సేవ్ చేశాను. కస్టమర్ నంబరు ఎర్ర స్టిక్కర్ స్విచ్ కిందే రాసి ఉంది.

☐ "నెట్ రావట్లేదు" అని ఊరుకోకండి. "ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది" అనో, "లైట్లు బాగానే ఉన్నాయి, రెండుసార్లు ఆపి వేశాం, అయినా రావట్లేదు" అనో చెప్పండి. అప్పుడు మళ్లీ ఆపి వేయమని చెప్పకుండా మనిషిని పంపే మాట మాట్లాడతారు.

☐ వాళ్లిచ్చే కంప్లైంట్ నంబరు క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాయండి. కరెంటు బిల్లు వెనకాల రాస్తే అది దొరకదు.

☐ ఎవరైనా వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి, "మీ నెట్ బాగు చేస్తాం, ఓటీపీ చెప్పండి, ఈ యాప్ వేసుకోండి" అంటే పెట్టేయండి. నెట్ రావడానికి బ్యాంకు ఓటీపీతో పనేమిటి? పొరపాటున చెప్పేసి డబ్బు పోతే వెంటనే 1930కి చేయండి, తర్వాత నాకు.

ఎప్పుడూ చేయకూడనివి

డబ్బా వెనక RESET అని సూది బెజ్జం లాంటిది ఉంది. దాంట్లో పిన్నీసు పెట్టొద్దు. ఆపి వేయడం వేరు, అది నొక్కడం వేరు. అది నొక్కితే లోపల రాసినవన్నీ చెరిగిపోతాయి, ఇంక మనిషి రావాల్సిందే. ఎదురింటి బాబు వచ్చి "నేను నొక్కుతా ఆంటీ" అన్నా వద్దనండి.

అమ్మా, దుమ్ము పడుతోందని డబ్బా మీద అల్లిక గుడ్డ కప్పావు, తీసేశాను. మళ్లీ కప్పొద్దు, వేడెక్కుతుంది. తడిగుడ్డతో తుడవొద్దు. దుమ్ము ఉంటే స్విచ్ ఆపి పొడిగుడ్డతో తుడువు.

నెట్ వచ్చేదాకా

నాతో మాట్లాడాలంటే వాట్సాప్ అక్కర్లేదు, మామూలు కాల్ చేయండి. ఫొటో పంపాల్సి వస్తే నాన్న ఫోన్లో మొబైల్ డేటా వేసి పంపండి. టీవీలో సినిమాలకి మాత్రం ఆ డేటా వాడొద్దు, గంటలో అయిపోతుంది. రాత్రి 9 దాటితే కంప్లైంట్ ఇచ్చి పడుకోండి, తెల్లారాక చూసుకోవచ్చు.

బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి డబ్బా మారిస్తే, వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టమని గట్టిగా చెప్పండి. లేకపోతే టీవీలో, రెండు ఫోన్లలో, గుమ్మం దగ్గర కెమెరాలో అన్నిచోట్లా మళ్లీ కొట్టుకోవాలి. ఆ పేరూ పాస్‌వర్డూ ఈ కాగితం వెనక రాశాను. అతను ఉండగానే ఇద్దరి ఫోన్లలో యూట్యూబ్ తెరిచి చూసి, వచ్చాకే పంపండి.