ఏథెన్స్, స్పార్టా: ప్రశ్నలు అవే, జవాబులు వేరు

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌నూ స్పార్టానూ పక్కపక్కన పెట్టి చూడాలంటే రెండింటినీ అవే ప్రశ్నలు అడగాలి: నిర్ణయం ఎవరిది, పౌరుడు ఎవరు, కొడుకును దేనికోసం పెంచారు, పౌరుడి బదులు ఎవరు చెమటోడ్చారు, చివరికి ఎక్కడ దెబ్బతింది. ఒకదాని నాటకాలనూ తత్వాన్నీ, ఇంకోదాని కత్తినీ డాలునూ తెచ్చి ఎదురెదురుగా పెడితే అది పోలిక కాదు, రెండు వేర్వేరు పొగడ్తలు.

నిర్ణయం సంగతి. ఏథెన్స్‌లో క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లెయిస్తెనీస్ అనే నాయకుడు పౌరులను పది తెగలుగా విభజించాడు. తెగకు 50 మంది చొప్పున చీటీ తీసి ఎంపిక చేసిన అయిదువందల మంది మండలి సభ ముందుకు వచ్చే విషయాలను సిద్ధం చేసేది. చివరి మాట ప్నిక్స్ గుట్ట మీద గుమిగూడిన పౌరులదే. వాళ్లు చేతులెత్తి ఓటేసేవారు. సేనానులను మాత్రం చీటీకి వదల్లేదు, ఏటా పదిమందిని ఎన్నుకునేవారు. స్పార్టాలోనూ పౌరసభ ఉంది. కానీ దానికి ముందు ఇద్దరు వంశపారంపర్య రాజులు, అరవై దాటిన 28 మంది పెద్దలు, ఎఫోర్లు అనే, ఏటా మారే అయిదుగురు అధికారులు ఉండేవారు. సభ పని పైనుంచి వచ్చిన ప్రతిపాదనకు అవుననో కాదనో అరవడం. క్రీ.పూ. 432లో ఏథెన్స్‌తో యుద్ధం విషయం తేల్చాల్సి వచ్చినప్పుడు, ఏ అరుపు గట్టిగా ఉందో తెలియడం లేదంటూ ఎఫోర్ స్థెనెలైదాస్ జనాన్ని రెండు వైపులా విడిపోయి నిలబడమన్నాడు. అలా నిలబడితే ఎవరు ఎటువైపో అందరికీ కనిపిస్తుందన్నది ఆయన తెలివి.

పౌరసత్వం రెండు చోట్లా మగవాళ్లదే. ఏథెన్స్‌లో క్రీ.పూ. 451 నుంచి తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ పౌర కుటుంబాల వాళ్లయి ఉండాలి. పేదవాడైనంత మాత్రాన పౌరసత్వం పోదు. పైగా లారియన్ గనుల వెండితో యుద్ధ నౌకలు కట్టాక, ఒక్కో నౌకకు 170 మంది తెడ్లు వేసేవాళ్లు కావలసి వచ్చింది. భూమి లేనివాడి మాటకు సభలో బరువు పెరిగింది అక్కడే. స్పార్టాలో పుట్టుక చాలదు. ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి సైనిక శిక్షణలో చేరాలి, ఇరవై ప్రాంతంలో పౌరులు కలిసి తినే ఒక భోజన బృందంలో చోటు సంపాదించాలి, దానికి తన పొలం నుంచి బార్లీ, ద్రాక్షసారా, జున్ను, అత్తిపండ్లు క్రమం తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వలేనివాడు పౌరుడిగా మిగలడు. ఏథెన్స్ కుర్రవాడి చదువు మాత్రం తండ్రి డబ్బును బట్టి ఉండేది; రాజ్యం దాని జోలికి పెద్దగా పోలేదు. స్త్రీల విషయంలో లెక్క తిరగబడుతుంది: భూమి సొంతం చేసుకున్నదీ, బహిరంగంగా వ్యాయామం చేసిందీ స్పార్టా స్త్రీలే. ప్రజాస్వామ్యం అనగానే అన్నీ విశాలంగా ఉంటాయనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

అసలు తేడా పొలంలో ఉంది. రెండు నగరాలూ బానిస శ్రమ మీదే నిలబడ్డాయి. ఏథెన్స్ బానిసలు ఎక్కువగా కొని తెచ్చినవాళ్లు. భాష వేరు, ఊరు వేరు, ఒక జాతిగా లేచే అవకాశం తక్కువ. స్పార్టా పొలాల్లో చాకిరీ చేసిన హెలట్లు అనే బానిసలు అలా కాదు. ముఖ్యంగా మెస్సేనియా ప్రాంతం వాళ్లు, స్పార్టా గెలుచుకున్న తమ నేల మీదే కుటుంబాలతో బతుకుతూ, గ్రీకు మాట్లాడుతూ, ఆ నేల ఒకప్పుడు తమదని మరవని జనం. వాళ్ల సంఖ్య పౌరుల కంటే చాలా ఎక్కువ. ఎఫోర్లు ఏటా హెలట్ల మీద యుద్ధం ప్రకటించేవారని చెబుతారు. అలా చేస్తే హెలట్‌ను చంపినా పాపం అంటదు. క్రీ.పూ. 464 ప్రాంతంలో భూకంపం రాగానే వాళ్లు తిరగబడ్డారు కూడా. స్పార్టా శిబిరంలా బతికింది అందుకే: మొదటి శత్రువు దాని పొలాల్లోనే ఉన్నాడు.

దెబ్బ కూడా ఆ అమరికలోంచే వచ్చింది. ఏథెన్స్ సభను ఆపేవాళ్లు తక్కువ. క్రీ.పూ. 406లో ఆర్గినూసీ దీవుల దగ్గర నౌకాయుద్ధంలో గెలిచిన సేనానులను, సముద్రంలో పడినవాళ్లను కాపాడలేదన్న కోపంతో, విడివిడిగా విచారించకుండా ఒకే ఓటుతో శిక్షించింది. దొరికిన ఆరుగురినీ చంపారు, తర్వాత జనమే బాధపడ్డారు. స్పార్టాకు పట్టింది వేరే రోగం: భోజన వాటా కట్టలేక జారిపోయేవాళ్లు ఉన్నారు గానీ కొత్తగా పైకి వచ్చే దారి లేదు. క్రీ.పూ. 480లో దాదాపు 8,000గా చెప్పిన పౌర సైనికులు తగ్గుతూ పోయి, 371లో మరో గ్రీకు నగరం తీబ్స్‌తో జరిగిన ల్యూక్ట్రా యుద్ధానికి వచ్చేసరికి అక్కడ నిలిచింది 700 మందే. వాళ్లలో 400 మంది ఆ ఒక్కరోజే పడిపోయారు. మరికొద్ది కాలానికే తీబ్స్ సేనాని ఎపమినాండస్ మెస్సేనియాను విడిపించాడు. దాంతో ఎన్నో భోజన బృందాలకు బార్లీ పండించిన నేల పోయింది.