ధ్యాసంతా పని మీద, మనవాళ్లంతా పక్కన

ఇంట్లో కూర్చుని ఫ్రీలాన్సింగ్ చేసేవాళ్లందరికీ ఇది అనుభవమే. పొద్దుటి నుంచి తంటాలు పడితే ఒక పేజీ దారిలో పడుతుంది. సరిగ్గా అప్పుడే గ్యాస్ బండ వస్తుంది. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ ఇంకెవరో ఇంకో పని పురమాయిస్తారు. తిరిగొచ్చి కూర్చునేసరికి ఆలోచన తెగిపోయి ఉంటుంది. అది తెగకుండా చూడాలనే, ఎవరి పని వాళ్లు తెచ్చుకుని ఒకే చోట కూర్చుని చేసుకునే ఈ కోవర్కింగ్ చోటు పెట్టాం.

విశాఖ ఎంవీపీ కాలనీలో, మా మేడ మీది హాలులో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా మాటలుండవు. గుమ్మం పక్కన గూళ్లున్న చెక్క బీరువా ఉంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి అందులో ఉంచి లోపలికి రండి. క్లయింటుతో మాట్లాడాలంటే, తలుపు వేసుకునే చిన్న గదులు రెండున్నాయి. ప్రతి బల్ల మీదా అరచేతంత చెక్కపలక ఉంటుంది. దాన్ని ఎర్రరంగు వైపు తిప్పారంటే మిమ్మల్ని ఎవరూ కదిలించరు, మేమూ కదిలించం.

4 గంటలకు అల్లం టీ. కింద బాదం చెట్టు నీడలో పొడుగాటి బల్ల ఒకటే వేశాం, కావాలనే. విడివిడిగా కూర్చుంటే మాట కలవదు. మొన్న ఆ బల్ల దగ్గరే ఒక అనువాదకురాలు రెండు రోజులుగా లొంగని మాట ఒకటి బయట పెట్టింది. ఎదురుగా ఉన్న వీడియో ఎడిటర్ వాళ్ల అమ్మమ్మ వాడే మాట చెప్పాడు. అతికినట్టు సరిపోయింది. అమెరికా క్లయింటు అక్కడి పన్నుల కోసం డబ్ల్యూ-8బెన్ ఫారం అడిగితే బెంబేలు పడిన కుర్రాడికి, అది ముందే నింపిన అక్క ఒకావిడ దగ్గర కూర్చోబెట్టుకుని నింపించింది. చెప్పిన రోజుకి డబ్బు రాని నెలలో "నాకూ ఇలాగే అయింది" అనే మనిషి పక్కనుంటే ఎంత ధైర్యమో, ఒంటరిగా పనిచేసినవాళ్లకే తెలుస్తుంది.

2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ కోవర్కింగ్ మొదలుపెట్టింది కూడా ఇందుకే. ఎవరి పని వాళ్లదిగా ఉండాలి, ఆఫీసులో ఉండే తోడూ కావాలి. మాకు ఆ రెండోదే ముఖ్యం. అందుకే హాలులో 24 బల్లలకు మించి వేయలేదు. అందరికీ అందరి పేర్లూ తెలియాలి.

న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఆ వేళల్లో పనిచేసేవాళ్ల కోసం రాత్రి 11 దాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. గురువారం సాయంత్రం మాత్రం ఎవరో ఒకరు తాము చేస్తున్న పని సగంలో ఉండగానే తెచ్చి అందరికీ చూపిస్తారు.

సోమవారం 10 లోపు రండి. ఎక్కడో ఆగిపోయిన పని ఒకటి వెంట తెచ్చుకోండి. 1 దాకా దానితో కూర్చోండి. 4 గంటలకు బాదం చెట్టు కింద కలుద్దాం.