ఎర్ర రీఫిల్

రాత్రి పదకొండున్నర. పుస్తకాల పట్టిక ఒక్కటి రాస్తే వ్యాసం అయిపోయినట్టే. పొద్దున పదింటికి కాలేజీలో ఇవ్వాలి. ఒక పేజీ నంబరు దొరకక స్రవంతి జిరాక్సుల కట్ట విప్పింది.

మూడో కాగితం నడుమ ఉందా వాక్యం. "ఈ నేలలో దాహం తీరేకొద్దీ ఎముక వంగుతుంది."

తన వ్యాసం మొదలయ్యేదే ఆ వాక్యంతో. మొన్న మేడమ్ చదివి, "ఇది నీ గొంతు" అని మెచ్చుకున్నది కూడా దాన్నే.

నోట్సు తీసింది. ఇతరుల మాటలు ఎరుపులో, సొంతవి నీలంలో రాసుకోవడం తన అలవాటు. ఆ పేజీలో నాలుగు లైన్లు ఎరుపు. ఐదో లైనులో రంగు పలచబడి, చివరికి కాగితం మీద ఒట్టి గీరే మిగిలింది. అక్కణ్నుంచి నీలం. నల్లగొండ లైబ్రరీలో రీఫిల్ అయిపోయిన సాయంత్రం అది. మర్రిగూడ బస్సు పోతుందన్న తొందరలో చేతికి దొరికిన పెన్నుతో రాసేసింది. రెండు నెలలు తిరిగేసరికి నీలమంతా తనదే అనుకుంది.

వెతికితే పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే నల్లగొండ పద్ధతి గురించిన పేరా కూడా ఉన్నదున్నట్టు అక్కడిదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న లెక్క ఎవరైనా రాస్తారు. కానీ ఆ మాటల వరస ఒకరిది.

"వంగుతుంది" తీసి "ఒంగిపోతుంది" అని కొట్టింది. ఎత్తుకొచ్చిన మేకకు రంగు పూసినట్టుంది. చెరిపేసింది.

"ఇంక పండలేదా బిడ్డా? జర నీళ్లియ్యి."

నాయినమ్మ మెడ తిరగదు. చెంబు అందుకోవడానికి మనిషంతా తిరిగింది. తల వెనక్కి వాలదు కాబట్టి గోడకు వీపు ఆనించి, గుక్క గుక్కగా తాగింది.

"ఏం రాస్తున్నవ్?"

"మనూరి నీళ్ల గురించి."

"మన బాయి నీళ్లు ఎంత తియ్యగుండె! గంత తియ్యటి నీళ్లల్ల గిదుంటదని ఎవ్వలకెర్క?"

స్రవంతి మొదటి వాక్యం కొట్టేసి, ఆ మాటను అట్లనే రాసింది, యాసతో సహా. కొటేషన్ గుర్తులు ముందే పెట్టింది. పటిక పేరాకు కూడా గుర్తులు పెట్టి, కింద పుస్తకం పేరు రాసింది. తర్వాత మేడమ్‌కు మెసేజ్: "మీరు మెచ్చుకున్న వాక్యం నాది కాదు మేడమ్. ఇప్పుడే చూసుకున్నా. తీసేశాను." పంపించే ముందు వేలు చాలాసేపు గాల్లోనే ఆగింది. నీలం టిక్కులు రాలేదు. ఆమె నిద్రపోయి ఉంటుంది.

పట్టికలో ఇంకొక్కటి మిగిలింది.

"నాయినమ్మా, నీ పేరు ఆధార్‌ల ఉన్నది రాయాల్నా, ఇంట్ల పిలిచేది రాయాల్నా?"

"ఏదో ఒకటి రాసి లైటు బంద్ జెయ్యి."